అపార్ట్‌మెంట్ నీళ్ల లెక్క: ఒక టేపు, రెండు గీతలు

కిందటి వారం చాలామంది అడిగిన విషయం ఇది. బెజవాడలో, కృష్ణకి ఇంత దగ్గర్లో ఉండి కూడా ఎండాకాలం ట్యాంకర్ ఎందుకు పిలవాల్సి వస్తుంది? మా బిల్డింగ్ కథే చెప్తాను. 20 ఫ్లాట్లు, 72 మంది.

ఏప్రిల్‌లో మా మీటింగ్‌లో గొడవైంది. సంపు త్వరగా ఖాళీ అవుతోంది, వాచ్‌మన్ నీళ్లు బయటివాళ్లకి ఇస్తున్నాడని ఒకరు అనేశారు. పని మానిపించేద్దాం అన్నదాకా వెళ్లింది. ఆయన ఒకే మాట అన్నాడు: "బాబూ, మోటారు రెండు గంటలు వేసినా నీళ్లు పైకి రావట్లేదు, నన్నేం చేయమంటారు?" నేను లేచి, ప్రెసిడెంట్ గారూ, ఒక్క వారం టైమ్ ఇవ్వండి, కొలిచి చెప్తాను అన్నాను.

మొదట సంపు కొలిచా. అడుగు భాగం 12 అడుగులు, 8 అడుగులు. అంటే 96 చదరపు అడుగులు. ఒక ఘనపుటడుగు నీళ్లు 28.3 లీటర్లు కాబట్టి, మా సంపులో ఒక్క అంగుళం అంటే దాదాపు 226 లీటర్లు. ఇది తెలిస్తే చాలు, కర్రకి టేపు కట్టుకుంటే మీ సంపే మీ మీటర్.

తర్వాత బోరు. సంపు నుంచి పైకి తోడే మోటారు ఆపేసి బోరు వేశా. 40 నిమిషాలు బాగా వచ్చింది, నీళ్లు 6 అంగుళాలు పెరిగాయి. ఆ తర్వాత పైపు గుర్రుగుర్రుమంటూ గాలితో కలిపి ఉమ్మడం మొదలుపెట్టింది. అక్కడితో ఆపేయాలి. మేం మాత్రం రోజూ గంటలకొద్దీ అలాగే నడిపించాం. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. మూడు గంటలు వదిలేస్తే బోరులో నీటిమట్టం మళ్లీ లేచింది. అందుకే రోజుకి నాలుగుసార్లు, 40 నిమిషాల చొప్పున. మొత్తం దాదాపు 5,400 లీటర్లు.

మరి జనవరిలో బాగానే వచ్చింది కదా? ఊళ్లోంచి వెళ్లే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల్లో నీళ్లు పారుతున్నన్నాళ్లు భూమిలోకి ఇంకి చుట్టుపక్కల బోర్లకి ఆసరా ఉంటుంది. ఎండాకాలం కాలువలు కట్టేస్తే ఆ ఆసరా తగ్గిపోతుంది. దానికి మందు బోరు ఇంకా లోతుకి దింపడమే అనుకోకండి. డెల్టాలో లోతుకి పోతే, ముఖ్యంగా సముద్రం వైపు వెళ్లేకొద్దీ, ఉప్పునీళ్లు తగిలే ప్రమాదం ఉంది. టీడీఎస్ మీటర్‌తో మోటారు వేసిన కొత్తలో ఒకసారి, ఆపే ముందు ఒకసారి చూడండి. వారాలు గడిచేకొద్దీ అంకె పెరుగుతోందంటే తోడడం తగ్గించాలి.

ఇప్పుడు అవసరం. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లని లెక్క కడతారు. 72 మందికి 9,720. కానీ వారం రోజులు రాసుకుంటే మా వాడకం 10,700 దాకా తేలింది. ఆ వెయ్యి లీటర్లు ఎటు పోతున్నాయి? రాత్రి పన్నెండుకి పై ట్యాంకుల నీటిమట్టం గుర్తుపెట్టి, తెల్లారి ఐదుకి చూశా. అందరూ నిద్రపోతున్న ఐదు గంటల్లో 200 లీటర్లు పోయాయి! గంటకి 40, రోజుకి దాదాపు వెయ్యి. ఫ్లష్ ట్యాంకుల్లో కొంచెం రంగు కలిపి, అరగంట ఫ్లష్ కొట్టొద్దని అన్ని ఫ్లాట్లకీ చెప్పాం. మూడిళ్లలో రంగు కమోడ్‌లోకి దిగింది. వాచ్‌మన్‌ని అన్నాయన ఇల్లూ అందులో ఉంది. వాషర్లు మార్చాం. మర్నాడు ఆయనే వెళ్లి వాచ్‌మన్‌కి సారీ చెప్పారు.

ఇక మిగిలింది: బోరు 5,400, వేరే ట్యాంకులోకి వచ్చే కార్పొరేషన్ కుళాయి నీళ్లు 2,000. రోజుకి 2,300 తక్కువ. అంటే రెండ్రోజులకి ఒక 5,000 లీటర్ల ట్యాంకర్.

ట్యాంకర్ విషయంలో మేం చేసిన తప్పు ఏంటంటే, ఖాళీ అయ్యాక ఫోన్ చేయడం. ఎండాకాలం ఆరోజే వస్తుందన్న గ్యారంటీ లేదు. భయపడి ముందే పిలిస్తే సంపులో చోటు లేక సగం నీళ్లతో ట్యాంకర్ వెనక్కి వెళ్లింది, డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చాం. అందుకే సంపు గోడ మీద రెండు గీతలు గీశాం. మా సంపు 60 అంగుళాలు నిండుతుంది, 5,000 లీటర్లకి 22 అంగుళాల చోటు కావాలి. అడుగున 6 అంగుళాలు మోటారుకి అందవు, అక్కడ ఎర్ర గీత. 30 అంగుళాల దగ్గర నీలం గీత. నీళ్లు దానికి దిగగానే బుక్ చేయాలి. అప్పటికి దించుకోడానికి చోటుంటుంది, ట్యాంకర్ ఒకరోజు ఆలస్యమైనా లోటుకి సరిపడా నిల్వ ఉంటుంది. దించే ముందు బకెట్‌లో పట్టి రంగు, వాసన, టీడీఎస్ చూస్తాం. తాగేనీటి ట్యాంకులోకి మాత్రం అస్సలు పోయనివ్వం.

రూల్స్ రెండే పెట్టుకున్నాం. కార్లు బకెట్‌తోనే కడగాలి, పైపు వద్దు. నీళ్లు వదిలే టైమింగ్ పెట్టమని కొందరు పట్టుబట్టారు గానీ నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే టైమ్ పెడితే ప్రతి ఇంట్లో డ్రమ్ములు నింపుకుని మర్నాడు పారబోస్తారు. దానికి బదులు పొద్దున్నే సంపు లెవెల్ లిఫ్ట్ పక్కన బోర్డు మీద రాస్తాం. రాసేది వాచ్‌మనే. నిన్న 41 అంగుళాలు.

మీ సంపు కొలతలు కామెంట్‌లో పెట్టండి, అంగుళానికి ఎన్ని లీటర్లో లెక్కకట్టి చెప్తాను. ఉంటాను మరి.