మామూ మండీలో మేనల్లుని కూలి

 

సోదరులారా! హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరినపుడు అక్కడి పెద్దాయన తన కుమార్తెనిచ్చి వివాహము చేస్తానన్నారు. ఆ మాటతోపాటే కొలువు షరతునూ చెప్పారు: ఎనిమిది సంవత్సరాలు పని చేయవలెను, పది పూర్తి చేస్తే అది నీ ఇష్టము, నిన్ను కష్టపెట్టదలచుకోలేదు అని. ఈ వృత్తాంతము సూరా ఖసస్‌లో ఉన్నది. అల్లుడయ్యేవాడు గదా, గడువు మాట ఎందుకులే అని ఆ పెద్దాయన ఊరకుండలేదు. మన ఇండ్లలో జరిగేది దీనికి విరుద్ధము. "మనవాడే గదా" అన్న ఒక్క మాటతో జీతము, గడువు, సెలవు అన్నీ మరుగున పడిపోతాయి.

చిత్తూరు ప్రాంతపు మామిడి మండీలలో ఒకదాని తగవు మా వద్దకు వచ్చినది. పేర్లు చెప్పము. మేనమామ మండీలో మేనల్లుడు నాలుగేండ్లు కాటా చూచి, పద్దులు వ్రాసి, తోతాపురి కాలములో రాత్రులు అక్కడే పడుకొని పనిచేశాడు. నెలకు 12,000 అని మొదట నోటిమాటగా అనుకున్నారు. చేతికిచ్చినది 5,000. మిగిలిన 7,000 "నా దగ్గర ఉంటుందిలే" అన్నాడు మామ. ఇంతలో మామ కుమారుని నికాహ్ వచ్చినది. సంబంధము కుదిర్చేటపుడు తనతో ఒక్క మాటైనా చెప్పలేదని అక్క అలిగి వలీమాకు రాలేదు. ఆ వచ్చే సోమవారము హమాలీల ఎదుటనే మామ మేనల్లుని వద్ద గల్లాపెట్టె తాళాలు తీసుకున్నాడు. అలిగినది తల్లి, తాళాలు పోయినది కొడుకువి! వాడు ఊరుకోక ఒక వ్యాపారి ఇచ్చిన 40,000 పద్దులో వ్రాయకుండా జేబులో వేసుకున్నాడు.

ఇద్దరినీ కూర్చోబెట్టినపుడు మామ అన్నాడు: "హజ్రత్, వీడి చెల్లెలి పెండ్లికి మూడు లక్షలు పెట్టాను. ఇంకా జీతమెక్కడిది?" మేనల్లుడు అన్నాడు: "నా కష్టములో నుంచే తీసుకున్నాను మామూ, దొంగతనము కాదు."

మేము మొదట అడిగినది ఒక్కటే. వీడు మీ వద్ద ఎవరు? కూలివాడా, భాగస్వామియా, ఊరకే సాయము చేసేవాడా? ఈ ప్రశ్న తేలనిదే లెక్క తేలదు. తండ్రి ఇంటనే ఉండి, తండ్రి వ్యాపారములో, ఏ ఒప్పందమూ లేక పనిచేసే కొడుకును హనఫీ ఫిఖ్హ్ సహాయకునిగానే చూస్తుంది, సంపాదన తండ్రిది. వేరింటి మేనల్లునికి, అందునా జీతము మాట్లాడుకున్నవానికి, అది వర్తించదు. వాడు కూలివాడు. నెలకు 7,000 చొప్పున 48 నెలలకు 3,36,000 మామపై అప్పు.

ఇక పెండ్లి ఖర్చు. ఆనాడు మజ్లిస్‌లో "ఇది నా మేనకోడలికి నా కానుక" అని నలుగురిలో అన్నానని మామే ఒప్పుకున్నాడు. మేనకోడలు మహ్రమ్. మహ్రమ్ అయిన రక్తబంధువుకు ఇచ్చి అప్పగించిన కానుకను వెనుకకు తీసుకొనే హక్కు హనఫీ మతములో లేదు. చెల్లెలికిచ్చిన కానుకను అన్న జీతములో కోయడము అసలే కుదరదు. ముందే "ఇది జీతములో నుంచి" అని మేనల్లునితో ఒప్పుకొని ఉంటే మాట వేరు.

మేనల్లుడూ తప్పించుకోలేదు. ఆ 40,000లో మామకు చెందినది కమీషన్ మాత్రమే, మిగిలినది కాయ తోలిన రైతులది. మామపై కోపము తీర్చుకోబోయి వాడు చేయి పెట్టినది రైతుల అమానతులో. దానిని వాడిచేతనే పద్దులో వ్రాయించాము. రైతులకు మామ చెల్లించవలెను, ఆ మొత్తము జీతము బాకీలో తగ్గవలెను. నిలిచినది 2,96,000.

మామ చాలాసేపు మౌనముగా ఉండి, "అక్క నన్ను అంత మాట అన్నది, ఆమె కొడుక్కి ఇవ్వాలా?" అన్నాడు. అప్పుడు హజ్రత్ మిస్తహ్ (రజి) సంగతి గుర్తుచేశాము. ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి)కు బంధువు, వారి సాయముతో బ్రతికే పేద. అట్టివాడు హజ్రత్ ఆయిషా (రజి)పై వచ్చిన నిందలో పాలుపంచుకున్నాడు. సాయము ఆపివేస్తానని తండ్రి ఒట్టు పెట్టుకున్నారు. సూరా నూర్‌లో ఆయత్ దిగిన పిమ్మట తిరిగి ఇవ్వసాగారు. అది దానము, ఆపితే అడిగే హక్కు మిస్తహ్‌కు లేదు. మీరు ఆపినది జీతము, అడిగే హక్కు ఉన్నది అన్నాము.

మూడు కాయ కాలాలలో తీర్చునట్లు కాగితము వ్రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాము. మేనల్లుడు ఇప్పుడు వేరొక మండీలో పని చేస్తున్నాడు. అది బంధుత్వమును తెంచుకోవడమని కొందరు అన్నారు, మేము అనుకోము. మొన్న ఈద్ నాడు సేమియా గిన్నెతో అక్క తమ్ముని గడప తొక్కినది. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదట. రెండవ వాయిదాకు ఇంకా గడువున్నది.