పేరు చూశాకే పిన్

కూరగాయల కొట్లో 120 రూపాయలు ఇవ్వాలనుకోండి. ముందు పేమెంట్ యాప్ తెరిచి క్యూఆర్ స్కాన్ చేయండి. తెరపై ఒక పేరు వస్తుంది. అక్కడ ఆగి, "బాబూ, ఈ పేరు మీదేనా?" అని అడగండి. కొట్టు పేరుకు బదులు ఇంట్లోవాళ్ల పేరు రావచ్చు. కానీ అసలు స్టిక్కరు మీద వేరేది అంటించే మోసగాళ్లూ ఉన్నారు, వాళ్లు బయటపడేది ఇక్కడే.

పేరు సరిపోయాక 120 కొట్టి, సున్నాలు సరిచూసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని పిన్ నొక్కండి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "మీకు డబ్బు వేస్తాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే, పోయేది మీ ఖాతాలోంచే.

చివరగా, డబ్బు వెళ్లిందని తెరపై కనిపించేదాకా కదలకండి. 'పెండింగ్' అని వస్తే వెంటనే మళ్లీ పంపొద్దు, రెండుసార్లు పోవచ్చు. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.