ఫైల్ మీద "పెన్సిలిన్ అలర్జీ" అని ఉందా? అసలు ఆ రోజు ఏం జరిగిందో అడగండి

ఈ రోజు ఎపిసోడ్‌ని మా ఇంట్లో జరిగిన విషయంతో మొదలుపెడతాను.

మా పిన్ని కూతురు, అంటే మా చెల్లి, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తనకి 13 ఏళ్ళప్పుడు గొంతు నొప్పి వచ్చి, దానంతట అదే తగ్గిపోయింది. రెండు మూడు వారాల తర్వాత జ్వరం మొదలైంది. ముందు ఒక మోకాలు వాచింది. అది తగ్గుతుంటే ఇంకో కాలి చీలమండ వాచింది. డాక్టర్ గారు పరీక్షలు చేయించి, ఇది రుమాటిక్ ఫీవర్ అన్నారు. గుండెలో ఒక కవాటం కొంచెం లీక్ అవుతోందని ఎకోలో తేలింది.

ఇదెలా వస్తుందంటే, గొంతులో చేరిన ఒక రకం స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాతో మన రక్షణ వ్యవస్థ పోరాడుతుంది కదా, కొంతమంది పిల్లల్లో ఆ పోరాటం దారి తప్పి సొంత కీళ్ళనీ గుండె కవాటాలనీ కూడా దెబ్బకొడుతుంది. అదే ఇన్ఫెక్షన్ మళ్ళీ వస్తే కవాటం ఇంకాస్త పాడవుతుంది. అందుకే అసలు ఇన్ఫెక్షనే రాకుండా 21 రోజులకోసారి బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ మందు కండరంలో నిలవ ఉండి, మెల్లమెల్లగా రక్తంలోకి దిగుతుంది. ఇలా ఏళ్ళ తరబడి తీసుకోవాలి.

చెల్లి మూడేళ్ళు ఒక్కసారి కూడా మానకుండా వేయించుకుంది. 16 ఏళ్ళప్పుడు ఒక రోజు కాలేజీ నుంచి నేరుగా, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా, ఊళ్ళో క్లినిక్‌కి వెళ్ళింది. నిలబడే ఇంజెక్షన్ చేయించుకుంది. ఆ ఇంజెక్షన్ మామూలుగానే బాగా నొప్పి. సూది తీశారో లేదో, కళ్ళు తిరిగి కింద పడిపోయింది. అక్కడున్న వాళ్ళు హడలిపోయారు. చీటీ మీద ఎర్ర పెన్నుతో "పెన్సిలిన్ అలర్జీ" అని రాసి పంపారు.

ఆ రెండు మాటలే తర్వాత నాలుగేళ్ళు మాకు గట్టి నిజం అయిపోయాయి. ఇంజెక్షన్ ఆపేసి, రోజుకి రెండుసార్లు ఎరిత్రోమైసిన్ మాత్రలు రాశారు. అది వేసుకుంటే చెల్లికి కడుపులో మంట. హాస్టల్‌కి వెళ్ళాక ఒక పూట వేసుకుంటే రెండు పూటలు మర్చిపోయేది. గత ఏడాది మళ్ళీ గొంతు నొప్పి, మళ్ళీ జ్వరం, మళ్ళీ కీళ్ళ వాపు. ఈసారి ఎకో చేస్తే కవాటం లీకు ముందుకంటే పెరిగింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన రోజుల్లో, ఎవరైనా బగ్ రిపోర్టులో "పని చెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి పంపితే తిరిగి పంపేసేవాళ్ళం. ఏం నొక్కావు, ఎప్పుడు నొక్కావు, స్క్రీన్ మీద ఏం కనిపించింది, ఇవి లేకుండా అది రిపోర్టే కాదు. మా చెల్లి ఫైల్‌లో ఉన్నది కూడా అలాంటి రిపోర్టే. నాలుగేళ్ళు ఎవరూ తిరిగి పంపలేదు. నేనూ పంపలేదు.

పంపింది కొత్తగా చూసిన గుండె డాక్టర్ గారు. ఆవిడ ఫైల్ పక్కన పెట్టి పిన్నిని అడిగారు. "అమ్మా, ఇంజెక్షన్ అయ్యాక ఎంతసేపటికి పడిపోయింది? ఒంటి మీద దద్దుర్లు లేచాయా? పెదాలు, కళ్ళు వాచాయా? ఊపిరి ఆడక ఈల వేసినట్టు శబ్దం వచ్చిందా? మళ్ళీ ఎలా తేరుకుంది?"

పిన్నికి అంతా గుర్తుంది. "దద్దుర్లేం లేవండీ. మొహం తెల్లగా పాలిపోయింది. చల్లటి చెమటలు. నర్సమ్మ చెయ్యి పట్టుకుని నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది అంది. బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళు పైకి ఎత్తితే రెండు నిమిషాల్లో లేచి కూర్చుంది. గ్లూకోజ్ నీళ్ళు తాగి నడుచుకుంటూ ఇంటికొచ్చింది."

ఇది అలర్జీ కథ కాదు. నొప్పికీ భయానికీ నాడి నెమ్మదించి, బీపీ ఒక్కసారిగా పడిపోయి, మెదడుకి కాసేపు రక్తం తగ్గి స్పృహ తప్పడం. రక్తం చూస్తే కొంతమంది పడిపోతారు చూడండి, అదే. సూదిలో పెన్సిలిన్ బదులు ఉత్త నీళ్ళున్నా ఆ రోజు తను పడిపోయి ఉండేదేమో.

మరి నిజమైన అలర్జీ ఎలా ఉంటుంది? నా పాత రూమ్మేట్‌కి వచ్చింది, నేను పక్కనే ఉన్నాను. పంటి నొప్పికి అమాక్సిసిలిన్ వేసుకున్న పావుగంటకి అరచేతులు దురద అన్నాడు. చూస్తుండగానే మెడ, పొట్ట మీద ఎర్రగా ఉబ్బెత్తు దద్దుర్లు. పెదవి వాచింది. గొంతు బిగుసుకుంటోంది అన్నాడు, గొంతు మారిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే నాడి చాలా వేగంగా ఉంది, బీపీ పడిపోతోంది. తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే తేరుకున్నాడు. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. సాధారణంగా మందు పడిన గంటలోపే మొదలవుతుంది. వాడి ఫైల్‌లో ఆ ముద్ర ఉండాల్సిందే. పెన్సిలిన్ కుటుంబంలో అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పిపరాసిలిన్ లాంటివి చాలా ఉన్నాయి. డాక్టర్ తేల్చి చెప్పేదాకా వాడు అన్నిటికీ దూరంగా ఉండాలి.

ఇంకో రకం ఆలస్యంగా వస్తుంది. మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకో వారాలకో జ్వరంతో పాటు ఒళ్ళంతా బొబ్బలు, చర్మం ఊడిపోవడం, నోట్లో, కళ్ళలో పుండ్లు. ఇలా జరిగినవాళ్ళకి ఆ మందు పరీక్ష కోసం కూడా మళ్ళీ ఇవ్వరు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

వీటికి అవతల ఉన్నవి సైడ్ ఎఫెక్టులు. అమాక్సిసిలిన్ వేసుకుంటే విరేచనాలు, వికారం, కడుపు నొప్పి రావచ్చు. మందు పేగుల్లోని మంచి బాక్టీరియాని కూడా చంపుతుంది కాబట్టి విరేచనాలు. ఇబ్బందే, కానీ అలర్జీ కాదు.

మధ్యలో ఒక తికమక ఉంది. పిల్లాడికి జ్వరం వస్తుంది, సిరప్ పడుతుంది, నాలుగో రోజు పొట్ట మీద ఎర్ర మచ్చలు. అందరూ సిరప్‌నే అంటారు. కానీ పిల్లల్లో చాలాసార్లు ఆ మచ్చలు జ్వరం తెచ్చిన వైరస్‌వే. నిజంగా మందు వల్ల వచ్చిన మచ్చలైనా, దురద పెద్దగా లేకుండా, వాపు లేకుండా తగ్గిపోతే, తర్వాత పరీక్షిస్తే ఎక్కువమందికి ఆ మందు పడుతుంది.

అమెరికాలో లెక్కలు చూస్తే, దాదాపు 10 శాతం మంది తమకి పెన్సిలిన్ అలర్జీ ఉందని చెబుతారు. వాళ్ళని సరిగ్గా పరీక్షిస్తే పదిలో తొమ్మిది మందికి పైగా ఆ మందు హాయిగా వాడుకోగలరని తేలింది. ఇంకో విషయం. గంటలోపే వచ్చే నిజమైన అలర్జీ ఉన్నవాళ్ళలో కూడా సుమారు 80 శాతం మందికి పదేళ్ళలో అది పోతుంది. ఫైల్‌లో ముద్ర మాత్రం పోదు.

ఆ ముద్ర ఉంటే డాక్టర్ ఇంకో యాంటీబయాటిక్‌కి మారాలి. అది ఒక్కోసారి తక్కువ పని చేస్తుంది. ఒక్కోసారి అవసరం లేని బాక్టీరియాని కూడా ఊడ్చేస్తుంది, అప్పుడు మందులకి లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయి. గర్భిణికి సిఫిలిస్ ఉంటే, కడుపులో బిడ్డని కాపాడటానికి నమ్మదగ్గ మందు పెన్సిలిన్ ఒక్కటే. చెల్లి విషయంలో ఆ ముద్ర ఖరీదు ఒక గుండె కవాటం మీద పడింది.

సరే, చెల్లి ముద్ర ఎలా తీశారు? డాక్టర్లు వాడే ఒక చిన్న స్కోరు ఉంది, పేరు పెన్-ఫాస్ట్. ఆస్ట్రేలియా డాక్టర్ల బృందం 2020లో ప్రచురించింది. రియాక్షన్ ఐదేళ్ళలోపు జరిగి ఉంటే 2 పాయింట్లు. అనాఫిలాక్సిస్, ముఖం వాపు, లేదా చర్మం ఊడే తీవ్రమైన రియాక్షన్ అయితే 2. దానికి వైద్యం చేయాల్సి వస్తే 1. మొత్తం 3 కంటే తక్కువైతే ప్రమాదం తక్కువ అని అర్థం. చెల్లిది అలర్జీయే అనుకుని లెక్కేసినా, జరిగి నాలుగేళ్ళు కాబట్టి 2. మిగతా రెండూ సున్నా.

ఆసుపత్రిలో, అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా పెట్టుకుని, 250 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్ ఒక్క క్యాప్సూల్ ఇచ్చారు. రెండు గంటలు కూర్చోబెట్టి నాడి, బీపీ, చర్మం చూస్తూ ఉన్నారు. ఏమీ కాలేదు. ఆలస్యంగా మచ్చలేమైనా వస్తాయేమో చూడమని ఇంటికి పంపి, ఐదో రోజు ఫోన్ చేసి అడిగారు. అప్పుడు ఫైల్‌లో ఆ మాట కొట్టేసి, తేదీ వేసి, ఎందుకు కొట్టేశారో రాశారు. పెన్సిలిన్ ఇంజెక్షన్ మళ్ళీ మొదలైంది. ఇప్పుడు అన్నం తిని, నీళ్ళు బాగా తాగి, పడుకునే చేయించుకుంటుంది. తర్వాత కాసేపు లేవదు. ఇప్పటిదాకా కళ్ళు తిరగలేదు. పెరిగిన లీకు మాత్రం అలాగే ఉంది, ఆరు నెలలకోసారి ఎకో చేయిస్తున్నాం.

దయచేసి ఈ క్యాప్సూల్ పరీక్ష ఇంట్లో చేసుకోకండి. రూమ్మేట్‌కి పావుగంట పట్టింది అన్నాను కదా, ఆ పావుగంటలో అడ్రినలిన్ ఇచ్చే మనిషి పక్కన ఉండాలి. అలాగే ముంజేతి మీద వేసే టెస్ట్ డోసు ఒక్కటే తీర్పు కాదు. మందు సరిగ్గా పలచన చేయకపోతే చర్మం మండి ఎర్రబడుతుంది, దాన్నీ అలర్జీ అని రాసేస్తారు.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీకో, ఇంట్లో ఎవరికో ఈ ముద్ర ఉంటే, ఈ రోజే అమ్మనో అమ్మమ్మనో అడిగి ఫోన్‌లో ఒక నోట్ రాసుకోండి. ఏ మందు, మాత్రా ఇంజెక్షనా? ఏ సంవత్సరం? వేసుకున్న ఎంతసేపటికి మొదలైంది? కంటికి ఏం కనిపించింది? ఏం వైద్యం చేశారు? ఆ తర్వాత ఎప్పుడైనా అమాక్సిసిలిన్ లాంటిది వాడితే ఏమైంది? మా చెల్లి నోట్ ఇలా ఉండేది: "బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్. వెంటనే కళ్ళు తిరిగాయి. దద్దుర్లు లేవు, వాపు లేదు, ఆయాసం లేదు. పడుకోబెడితే రెండు నిమిషాల్లో తేరుకుంది." ఈ నాలుగు ముక్కలు ఎర్ర పెన్ను మాటల పక్కన ఉండి ఉంటే, ఏ డాక్టరైనా నాలుగేళ్ళ ముందే ఆగి అడిగేవారు.

ఆ నోట్ డాక్టర్‌కి చూపించేదాకా ముద్రని మీరే తీసేయకండి, దాచకండి కూడా. మీ ఇంట్లో ఎవరి ఫైల్‌లోనైనా ఇలాంటి మాట ఉంటే, దాని వెనకున్న కథేంటో కనుక్కుని కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.