‘పనిచేయడం లేదు’ అంటే సరిపోదు
(ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక నెల మొదటి తారీఖున నా కౌంటరు ముందు పింఛనుదారులు బారులు తీరి ఉండగా నా కంప్యూటరు ఆగిపోయింది. కంగారుగా హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి “సర్వర్ డౌన్ అయిందండీ” అన్నాను. వాళ్లు గంటసేపు సర్వరును వెతికారు. అది నిక్షేపంగా ఉంది. పక్క కౌంటర్లూ నడుస్తూనే ఉన్నాయి, ఆ సంగతి నేను చెప్పనే లేదు. చివరికి చూస్తే, ఊడ్చేటప్పుడు నా బల్ల కింద కేబుల్ ఊడిపోయింది! “నా ఒక్క కౌంటరే ఆగింది” అని ఉంటే అయిదు నిమిషాల పని. నేను చెప్పింది లక్షణం కాదు, నా ఊహ. డాక్టరు దగ్గర కడుపునొప్పి అని చెబుతాం కానీ రోగం పేరు మనమే పెట్టం కదా.

ఈమధ్య మా బంధువుల అమ్మాయికి ఇలాంటిదే ఎదురైంది. పరీక్ష ఫీజు కట్టాలి, కాలేజీ పోర్టల్ తెరుచుకోవడం లేదు. “అర్జెంట్. పోర్టల్ పనిచేయడం లేదు, దయచేసి చూడండి” అని హెల్ప్‌డెస్క్‌కి మెయిల్ పంపింది. మర్నాటికి “వేరే కంప్యూటరులో ప్రయత్నించండి” అని జవాబు వచ్చింది. ఆ పని ఆమె అప్పటికే చేసింది, కానీ రాయలేదు. ఒక రోజు వృథా అయింది.

“తెర మీద ఏమి కనబడిందమ్మా?” అని అడిగాను. `Account locked` అని వచ్చిందట. లాగిన్ కావడం లేదన్న ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. `Invalid password` అంటే సాధారణంగా పాస్‌వర్డ్ తప్పు, దాన్ని మార్చుకోవాలి. `Account locked` అంటే తాళం పడింది, తీయాలి. `Not authorised` అంటే లోపలికి వచ్చారు కానీ ఆ పేజీకి మీకు అనుమతి లేదు. ఆ అనుమతి మామూలుగా హెల్ప్‌డెస్క్ సొంతంగా ఇవ్వదు, సంబంధిత శాఖ అధికారి ఒప్పుకోవాలి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే మన పిల్లలు తెర మీది మాటను తర్జుమా చేయకుండా ఉన్నదున్నట్టు రాయాలి. ఫొటో తీసి జతపరిస్తే ఇంకా మేలు.

ఇద్దరం కూర్చుని మళ్లీ ఇలా రాశాం:

“విషయం: పరీక్ష ఫీజు పోర్టల్, `Account locked`, గడువు 18వ తేదీ సాయంత్రం 5 గంటలు.
నా రిజిస్టర్ నంబరు ఇది. 15వ తేదీ ఉదయం 9.40కి లాగిన్ చేయబోతే పై సందేశం వచ్చింది. 14వ తేదీ సాయంత్రం బాగానే తెరుచుకుంది. దీనికి ముందు పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టాను. హాస్టల్ కంప్యూటరులోనూ నా ఫోనులోనూ ఇదే వస్తోంది. `Forgot password` నొక్కాను, ఓటీపీ రాలేదు. నమోదైన నంబరు మా నాన్నగారి పాతది, ఇప్పుడు వాడుకలో లేదు. గడువులోగా ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ రాదు. తాళం తీయగలరు. నంబరు మార్చడానికి ఏ పత్రాలతో ఎవరిని కలవాలో తెలుపగలరు.”

ఇందులో ‘అర్జెంట్’ అన్న మాట లేదు, గమనించండి. ఆ మాట అందరూ రాస్తారు. ఏ పని ఆగింది, ఎంతమందికి ఆగింది, ఎప్పటిలోగా కావాలి అన్న వాటిని బట్టి వాళ్లు వరుస నిర్ణయిస్తారు. గడువు నెలరోజులుంటే ఆ నిజమే రాయండి. ఉత్తుత్తి తొందర రెండోసారి పనిచేయదు.

తప్పు కొట్టిన సంగతి రాయడానికి అమ్మాయి సిగ్గుపడింది. కానీ తాళం పడిన కారణం అదే. రెండుచోట్లా ఒకే సందేశం వచ్చిందంటే లోపం యంత్రంలో కాదు, ఖాతాలో ఉందని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. సమయం రాస్తే వాళ్ల రికార్డులో ఆ నిమిషాన్నే వెతుక్కుంటారు. ఎవరడిగినా పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం రాయకండి, చెప్పకండి. మీ ఖాతా వెతకడానికి రిజిస్టర్ నంబరు చాలు.

ఆ మధ్యాహ్నమే జవాబు వచ్చింది. తాళం తీశారు. నంబరు మార్చడానికి మాత్రం గుర్తింపు కార్డు పట్టుకొని ఆఫీసుకు స్వయంగా రమ్మన్నారు. అది సబబే, ఎవరో మెయిల్ రాస్తే మన నంబరు మార్చేయకూడదు కదా. మర్నాడు వెళ్లి మార్పించుకుని, 17వ తేదీన ఫీజు కట్టింది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీరు ఫోన్ నంబరు మార్చినప్పుడు, అది పిల్లల చదువు ఖాతాల్లో ఎక్కడెక్కడ ఉందో చూసుకుని, పాత సిమ్ ఆగిపోకముందే మార్పించండి. పాత నంబరు చేతిలో ఉండగా ఇంట్లోనే అయిపోయే పనికి, తర్వాత ఆఫీసు మెట్లెక్కాల్సి రావచ్చు.