రెండువందల ఒకటో యూనిట్

(ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఇన్‌కంట్యాక్స్‌లో శ్లాబు దాటితే, దాటిన మొత్తానికే ఎక్కువ రేటు పడుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. కరెంటు బిల్లు కూడా అంతేననుకుంటాం. తెలంగాణలో మాత్రం 200 యూనిట్ల దగ్గర లెక్క మారిపోతుంది.

అక్కడ 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లు తీసుకుందాం. నెలకు 200 యూనిట్లు వాడితే మొదటి వందకు యూనిట్ రూ.3.40, రెండో వందకు రూ.4.80. మొత్తం రూ.820. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వంటివి దీనికి అదనం. ఇంకొక్క యూనిట్ వాడామంటే ఇల్లు పై కేటగిరీలోకి వెళ్తుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున కట్టాలి. 201వ దానికి రూ.7.70. మొత్తం రూ.1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70!

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఈ కేటగిరీలు తీసేశారు. అక్కడ లెక్క ఇన్‌కంట్యాక్స్‌లాగే. శ్లాబు దాటినా కింది యూనిట్ల రేటు మారదు. బదిలీ మీద ఇటు నుంచి అటు వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మా ఇంటి లెక్క చెబుతాను. మాది హైదరాబాదు, నెలకు 210 యూనిట్లు. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్ల పైనే. దాని బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే తొమ్మిది. పదమూడు యూనిట్లు తగ్గి 197కి వచ్చాం. ఎనర్జీ చార్జీ రూ.1,097 నుంచి రూ.805.60కి దిగింది. అదే ఫ్యాను 260 యూనిట్లు వాడే ఇంట్లో మారిస్తే మిగిలేది నూరు రూపాయలే.

ఇక వేళను బట్టి రేటు. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం, ఎండ ఉండే ఎనిమిది గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పీక్ గంటల్లో ఇళ్లకు కనీసం పది శాతం ఎక్కువ. ఏ గంటలో, ఎప్పటి నుంచో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. దీనికి స్మార్ట్ మీటరు కావాలి. అయితే వాషింగ్ మెషీన్‌ను రాత్రి మాని మధ్యాహ్నం వేసినంత మాత్రాన యూనిట్లు తగ్గవు. వేళ మారిస్తే రేటు తగ్గుతుంది. శ్లాబు మారాలంటే వాడకమే తగ్గాలి.

బిల్లు వచ్చాక చూసుకుంటే లాభం లేదు. రీడింగు తీసిన ఇరవయ్యో రోజున మీటరులో kWh అంకె చూసి, బిల్లులోని పాత రీడింగు తీసేయండి. 133 దాటితే మీ ఇల్లు 200 వైపు పోతోందన్నమాట. ఇంకా పది రోజులు మీ చేతిలో ఉంటాయి.