నాలుగు గుడ్లంటే ఎన్ని గ్రాములు?

కేకు చేసే పద్ధతి చెప్పే పుస్తకం ఏది తెరిచినా మైదా ఇన్ని గ్రాములు, వెన్న ఇన్ని గ్రాములు, చక్కెర ఇన్ని గ్రాములు అని తూకాలు కనిపిస్తాయి. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగు అని ఒక్క అంకె వేసి ఊరుకుంటారు. ఆ నాలుగు కూడా తూకమే. రాసినవాళ్ల దేశంలో, వాళ్ల దుకాణంలో దొరికే గుడ్డు బరువును బట్టి వేసిన లెక్క అది. మన చేతిలో ఉన్న గుడ్డు అంతకంటే చిన్నదో పెద్దదో అయినప్పుడు లెక్కించవలసింది గుడ్లను కాదు, గ్రాములను. అందుకు గుడ్లను గిలక్కొట్టి తూచడం ఒక్కటే నమ్మదగిన మార్గం. అలా ఎందుకు అంటున్నానో చెబుతాను.

అమెరికాలో గుడ్లను డజను బరువును బట్టి రకాలుగా విడదీస్తారు. డజనుకు కనీసం 18 ఔన్సులు తూగితే చిన్నవి, 24 తూగితే లార్జ్, 27 తూగితే ఎక్స్‌ట్రా లార్జ్. గ్రాముల్లోకి మార్చి చూస్తే చిన్న గుడ్డు పెంకుతో సహా దాదాపు 43, లార్జ్ 57, ఎక్స్‌ట్రా లార్జ్ 64 గ్రాములు ఉంటుంది. ఇందులో సుమారు ఎనిమిదో వంతు పెంకుకే పోతుంది. గిన్నెలో పడేది వరుసగా 38, 50, 56 గ్రాములు. అక్కడి వంటపుస్తకాల్లో ఏమీ చెప్పకుండా గుడ్డు అని రాస్తే అది లార్జ్ గుడ్డు, అంటే 50 గ్రాములు. బ్రిటన్‌లో సంగతి వేరు. అక్కడ లార్జ్ అంటే పెంకుతో 63 నుంచి 73 గ్రాముల గుడ్డు. పేరు ఒకటే అయినా అమెరికా లార్జ్‌కు దగ్గరగా ఉండేది బ్రిటన్ మీడియం. మన ఆగ్‌మార్క్ ప్రమాణంలో లార్జ్ 53 నుంచి 59 గ్రాములు, 60 దాటితే ఎక్స్‌ట్రా లార్జ్, 38 నుంచి 44 వరకు చిన్నది. కానీ కిరాణా కొట్టులో ట్రేలోంచి తీసిచ్చే విడి గుడ్ల సైజు మనకెవరూ చెప్పరు. అప్పుడప్పుడే గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన కోడి గుడ్డు చిన్నదిగా ఉంటుంది, ముదిరిన కోడి గుడ్డు పెద్దదిగా ఉంటుంది. రెండూ ఒకే ట్రేలో పక్కపక్కనే ఉండవచ్చు.

ఈ తేడాను సర్దుకోవడానికి వంటపుస్తకాల్లో ఒక పట్టిక ఇస్తుంటారు. నాలుగు లార్జ్ గుడ్ల దాకా ఎక్స్‌ట్రా లార్జ్ కూడా అన్నే వేయండి, ఐదు లార్జ్ చెప్పిన చోట నాలుగు ఎక్స్‌ట్రా లార్జ్ చాలు అని అందులో ఉంటుంది. నిజానికి ఒక్క గుడ్డు మార్చినా, నాలుగు మార్చినా అధికమయ్యేది అదే పాళ్లలో, నూటికి పన్నెండు వంతులు. నాలుగు గుడ్ల దాకా తేడా లేదని పట్టిక ఎందుకంటుందంటే, గుడ్డులో ఎనిమిదో వంతు తగ్గించమని చెప్పడం లెక్కతో కుదరదు కనుక. ఐదో గుడ్డు దగ్గర ఏమవుతుందో చూడండి. కావలసింది 250 గ్రాములు, నాలుగు ఎక్స్‌ట్రా లార్జ్ ఇచ్చేది 224. అంతదాకా నూటికి పన్నెండు ఎక్కువైనది ఒక్క అడుగులో నూటికి పది తక్కువైపోయింది. పట్టికను పూర్తిగా తప్పనను. కాటా లేని ఇంట్లో అదే దిక్కు. కానీ దానిని ఖచ్చితమైన లెక్క అనుకోకూడదు.

పౌండ్ కేకునే తీసుకుందాం. వెన్న, చక్కెర, మైదా, గుడ్లు తలా ఒక పౌండు పడతాయి కనుక ఆ పేరు వచ్చింది. అమెరికా లార్జ్ గుడ్లు ఎనిమిది పెంకుతో తూస్తే సరిగ్గా ఒక పౌండు. సగం కొలతకు వెన్న, చక్కెర, మైదా తలా 225 గ్రాములు, గుడ్లు నాలుగు, అంటే పెంకు తీశాక 200 గ్రాములు. ఇంట్లో ఉన్నవి చిన్న గుడ్లనుకోండి. నాలుగే వేస్తే 152 గ్రాములు, దాదాపు ఒక గుడ్డంత లోటు. ఐదు వేస్తే 190, ఆరు వేస్తే 228. అందుకని ఆరు కొట్టి, గిలక్కొట్టి, అందులోంచి 200 గ్రాములు తీసుకోవాలి. ఎక్స్‌ట్రా లార్జ్ అయితే నాలుగు కొడితే 224 వస్తుంది, 24 గ్రాములు పక్కన పెట్టాలి. గుడ్డులో నూటికి డెబ్బై అయిదు వంతులు నీళ్లే. లోటు పడితే కేకు పొడిపొడిగా రాలుతుంది, కోస్తే ముక్క నిలవదు. ఎక్కువైతే నురగగా గిలకొట్టిన వెన్న ఆ తడిని పట్టుకోలేక పిండి విరిగినట్టు గింజలు గింజలుగా కనిపిస్తుంది, ఉడికాక కేకు రబ్బరులా సాగుతుంది. లోటును పాలతో పూడ్చవచ్చు కదా అంటారు. ఒక చెంచాడు వరకు ఫరవాలేదు. పాలు తడినిస్తాయి కానీ గుడ్డులా గట్టిపడి ముక్కను నిలబెట్టవు. యాభై గ్రాముల లోటుకు పాలు పోస్తే కేకు మధ్యలో కుంగిపోతుంది.

తూచే పద్ధతిలో మెలకువ ఒకటుంది. గుడ్లను గిన్నెలో కొట్టి, తెల్లసొన తీగలు తెగి పచ్చసొనతో పూర్తిగా కలిసేదాకా ఫోర్కుతో కదపాలి. నురగ రావలసిన పని లేదు. గాలి చేరినా బరువు మారదు కానీ, నురగ కట్టిన గుడ్డును చెంచాలతోనో కప్పుతోనో కొలిస్తే తక్కువ పడుతుంది. కొలవడం కన్నా తూచడం మేలని నేననేది ఇందుకే. సరిగ్గా కలపకపోతే మాత్రం ముందు పోసినదాంట్లో జారే తెల్లసొనే ఎక్కువ పోతుంది, అడుగున పచ్చసొన మిగులుతుంది. గిలక్కొట్టిన గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేసి, పిండిలోకి పోస్తూ మళ్లీ మళ్లీ కాటా మీద పెట్టి చూస్తే ఎంత తగ్గిందో చెబుతుంది. గిన్నెకు అంటుకున్నది లెక్కలోకి రాదు. గ్రాము చొప్పున చూపే వంటింటి కాటా రెండు గ్రాములు అటూ ఇటూ చూపినా 200 లో అది లెక్కకు రాదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని ఒప్పుకుంటాను. గుడ్డు సైజు పెరిగినప్పుడు పచ్చసొన, తెల్లసొన ఒకే పాళ్లలో పెరగవు. లార్జ్ గుడ్డులో పచ్చసొన 17 గ్రాములు, తెల్లసొన 33 ఉంటుంది. కోడి వయసును బట్టీ, గుడ్డు సైజును బట్టీ ఈ పాళ్లు కొద్దిగా మారతాయి. మొత్తం గుడ్డు వేసే కేకుకు ఈ మార్పు పట్టించుకోనక్కర్లేదు. తెల్లసొన ఒక్కదాన్నే నురగ కట్టించే మెరాంగ్‌కు, పచ్చసొనతోనే చిక్కబడే కస్టర్డ్‌కు మాత్రం కలిపి తూచే ఈ పద్ధతి పనికిరాదు. అలాంటివాటికి రెంటినీ విడదీసి, విడివిడిగానే తూచాలి, కలిపి గిలక్కొట్టకూడదు. పచ్చసొనలోని కొవ్వు తెల్లసొనలో కాస్త కలిసినా నురగ సరిగా లేవదు. ఇక ఆమ్లెట్‌కూ గుడ్డు కూరకూ ఈ తూకాలన్నీ అవసరం లేదని వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ గుడ్డు మరోదాన్ని నిలబెట్టే పనిలో లేదు.

ఆరు చిన్న గుడ్లు కొడితే మిగిలే ఆ 28 గ్రాములను పారేయనక్కర్లేదు. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాటికల్లా వాడేయాలి. బన్ను పైన పూసి కాలిస్తే ఎర్రగా మెరుస్తుంది. పూసే ముందు చెంచాడు పాలు కలిపితే పలచబడి సమంగా పరుచుకుంటుంది.