దిండును చెడగొట్టేది నీళ్లు కాదు

మెషిన్‌లో వేస్తే దిండు పాడవుతుందని చాలామంది జంకుతారు. బూరుగుదూది దిండు విషయంలో ఆ భయం నిజమే. తడిస్తే దూది ఉండలు కడుతుంది, దానికి ఎండే మందు. పాలిస్టర్ పీచు దిండును మాత్రం చెడగొట్టేది నీళ్లు కాదు, తిరుగుడు. ఒక్కటే వేస్తే నీళ్లు పీల్చి ఒక పక్కకు బరువు పడుతుంది, మెషిన్ దడదడలాడుతుంది. రెండు దిండ్లు ఎదురెదురుగా పెడితే ఆ బరువు సర్దుకుంటుంది. చేత్తో ఉతకడమే మెత్తన కదా అంటారేమో! నీళ్లోడే దిండును మెలిపెట్టి పిండితేనే లోపలి పీచు గడ్డకడుతుంది. లిక్విడ్ సబ్బు మామూలులో సగం, తక్కువ స్పిన్ చాలు. జాడింపు మాత్రం రెండుసార్లు కావాలి, నురగ మిగిలితే పీచు అంటుకుపోతుంది.

దిండు ఆరిందో లేదో పైగుడ్డ చెప్పదు. నడుమ గట్టిగా నొక్కి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, మర్నాడూ ఎండబెట్టాలి. లేకపోతే ముక్కిన వాసన వస్తుంది. దిండ్లే కాదు, మెత్తటి బొమ్మలను కూడా గలేబులో వేసి మూతి కట్టి మెషిన్‌లో ఉతకండి, బ్యాటరీ ఉన్నవి మాత్రం వద్దు. కాన్వాస్ బూట్లకైతే మట్టి దులిపి, లేసులు, లోపలి అట్టలు తీసి, పాత తువ్వాళ్లతో కలిపి చన్నీళ్లలోనే తిప్పండి. ఎక్కువ వేడి తగిలితే అడుగు జిగురు వదులుతుంది కాబట్టి వీటిని నీడనే ఆరబెట్టాలి.